ఫోటోలు తీసిన గార్డప్పకు ఒక ఉత్తరం, మన సంఘం వాళ్ళకు ఒక మాట



ఈసారి నేను రాసేది ఒక మిత్రుడికి చెప్పే థ్యాంక్స్. అతనికి ఫోన్ చేసి చెప్పేస్తే సరిపోయేది. కానీ అతను తీసిన ఫోటోలు చూసిన తరువాత మన ఇళ్ళలో జరిగే ఫంక్షన్ల గురించి నాకు తోచిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి మీరందరూ చదవాలని ఇక్కడ పెడుతున్నాను. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు యాభై దాటినాక నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే సర్దుకోండి.

మిత్రుడు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయినాడు. ఆ ఉద్యోగానికి 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చినారు. మాకు మాత్రం అతను గార్డప్పే. వాళ్ళ ఇంట్లోనూ మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం రాదు. కోడలు శ్రీకాళహస్తి పిల్ల కాబట్టి ఆమె చదివి వినిపిస్తుంది. అమ్మా కోడలా, కొంచెం నిదానంగా చదువు. మీ మామగారికి చెవి కొంచెం మందం.

గార్డప్పా, తై నెలలో మా మనవరాలి చెవులు కుట్టే ఫంక్షనుకు నువ్వు వచ్చినావు. కృష్ణగిరి పక్కన మా ఊళ్ళో, మా ఇలవేల్పు గుడిలో జరిగింది. పాపకు అప్పుడు 11వ నెల. స్టూడియో వాళ్ళను ఇద్దరిని అల్లుడి తరపువాళ్ళు మాట్లాడి ఉన్నారు. నిన్ను నేను పిలిచింది చుట్టానికి చెప్పినట్టు చెప్పి, చేతిలో కెమెరా ఉంటే నాలుగు ఫోటోలు తీయమని. నువ్వు 163 తీసినావు. స్టూడియో వాళ్ళు 400 పైన తీసినారు. రెండూ ఇప్పుడు నా ముందర ఉన్నాయి.

స్టూడియో వాళ్ళను తప్పు పట్టను. వాళ్ళకు చెప్పిన పని వాళ్ళు చేసినారు. వచ్చిన ప్రతి కుటుంబాన్నీ స్టేజీ ఎక్కించి, పాప పక్కన నిలబెట్టి, అందరి మొహాలూ తెలిసేటట్టు తీసినారు. అది కూడా కావాల్సిందే. రేపు ఒకరింట్లో పెళ్ళి పత్రిక ఇవ్వడానికి పోయినప్పుడు, మన ఆల్బంలో వాళ్ళ ఫోటో ఉందా లేదా అనేది పెద్ద విషయం అవుతుంది. అయితే ఆ ఆల్బం మొత్తం తిప్పినా మా చిన్నమ్మ ఒక్క ఫోటోలో కూడా లేదు. నీ ఫోటోలలో ఆరింటిలో ఉంది. ఈ ఉత్తరం ఆ ఆరు ఫోటోల కోసమే.

మా చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. వయసు 84. ఆమె భర్త పోయి నలభై ఏళ్ళు దాటింది. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మేనమామ సీరు తట్టలు సర్దేది ఆమే. ఆంధ్రావాళ్ళు సారె అంటారే, అదే మనవైపు సీరు. ఏ తట్టలో ఏమి పెట్టాలి, ఏది ముందర పోవాలి, ఏది వెనక పోవాలి అని మా ఇంట్లో తెలిసింది ఆమె ఒక్కదానికే. ఎవరూ రాసి పెట్టలేదు. ఆమెకు చదువు రాదు. అడిగితే "చేతులకు తెలుస్తాది, నోటికి తెలియదు" అనేది.

ఫంక్షను ముందటి రోజు సాయంత్రమే నువ్వు వచ్చి గుడి చుట్టూ తిరిగినావు. పొద్దున 9 గంటలకు ఎండ ఎటువైపు పడుతుంది, మండపం లోపల ఎంత చీకటి అని చూసుకున్నావు. తరువాత నన్ను కూర్చోపెట్టి నాలుగు ప్రశ్నలు అడిగినావు. ఈ ఇంట్లో 80 దాటినవాళ్ళు ఎవరు? దూరం నుంచి వస్తున్నవాళ్ళు ఎవరు? నిజంగా పని చేసేవాళ్ళు ఎవరు? స్టేజీ ఎక్కనివాళ్ళు ఎవరు? నేను ఏడు పేర్లు చెప్పినాను. నువ్వు ఒక చీటీ మీద రాసుకొని జేబులో పెట్టుకున్నావు. మీరు ఎవరైనా ఫంక్షను పెట్టుకొని, ఫోటోలు తీయమని స్నేహితుణ్ణి పిలిచేటట్టుంటే, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి ముందర రోజే అతని చేతికివ్వండి. స్టూడియో వాళ్ళకు కూడా ఇవ్వవచ్చు. వాళ్ళకు మన ఇంటి మనుషులు ఎవరో తెలియదు. పట్టుచీర ఎవరిది బాగుందో, వేదిక మీద ఎవరున్నారో దాన్నిబట్టే వాళ్ళు తీస్తారు.

మొదటి ఫోటో తట్టలది. తెల్లవారి ఆరున్నరకు మా వసారాలో తొమ్మిది తట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. గుడ్డలు కప్పకముందు నువ్వు స్టూలెక్కి పైనుంచి తీసినావు. పసుపు కుంకుమ ఒక తట్ట. తమలపాకులు, వక్కలు ఒకటి. టెంకాయలు, అరటిపండ్లు ఒకటి. తరువాత పూలు, బియ్యం బెల్లం, మిఠాయి, పాప బట్టలు, అమ్మానాయనల బట్టలు. ఆఖర్న కమ్మలు, కాలి కడియాలు. ఫోటో అంచులో చిన్నమ్మ చెయ్యి మాత్రం కనబడుతుంది, చూపుడు వేలు మొదటి తట్ట మీద. ఆ క్షణాన ఆమె మా కోడలికి చెబుతోంది, "ముందర పసుపు కుంకుమ పోవల్ల, బంగారం ఎప్పుడూ ఎనకనే" అని. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆ మాట నాకు తెలుసు. వరస అంతా ఆ ఒక్క ఫోటోలో ఉంది. ఇంక మా ఇంట్లో ఎప్పుడు సీరు పెట్టాలన్నా ఆ ఫోటో చూసి పెట్టవచ్చు.

రెండోది చెవి కుట్టేటప్పటిది. ముందర పాపకు గుండు కొట్టించి, స్నానం చేయించి, నెత్తికి చందనం పూసి, కొత్త బట్టలు వేసి, మేనమామ ఒడిలో, అంటే మా అబ్బాయి ఒడిలో తూర్పు దిక్కుగా కూర్చోపెట్టినారు. ఆడపిల్లకు ఎడమ చెవి ముందర కుట్టాలి, మగపిల్లవాడికైతే కుడి చెవి. ఆచారి సన్నని బంగారు తీగను పట్టుకొని కూర్చున్నాడు. స్టూడియో వాళ్ళు పెద్ద లైటు వేసి, "ఒక్క నిమిషం ఆపండి, ఇటు చూడండి" అన్నారు. ఆచారి తల ఎత్తకుండానే "పిల్ల చెవి ఫోటో కోసం ఆగదు నాయనా" అన్నాడు. పాప ఆ వెలుతురుకు కళ్ళు గట్టిగా మూసుకుంది. వాళ్ళ ఆల్బంలో ఆ ఫోటోలో పాప మూసిన కళ్ళు, తెరిచిన నోరు, చుట్టూ తెల్లటి వెలుతురు తప్ప ఏమీ లేదు.

నువ్వు ఎదురుగా నిలబడలేదు. పక్కన నేల మీద కూర్చున్నావు. ఫ్లాష్ వేయలేదు. ఫ్లాష్ వేస్తే దగ్గర ఉన్న మొహం తెల్లబడుతుంది, వెనక మండపం నల్లబడిపోతుంది, కర్పూరం వెలుతురు కనబడకుండా పోతుంది, పైగా పిల్ల ఉలిక్కిపడుతుంది అని నువ్వు తరువాత చెప్పినావు. నీ పాత 50 ఎంఎం లెన్సు చీకట్లో ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, దానికి తోడు ఐఎస్ఓ 3200 పెట్టుకున్నావు. అందుకే ఆ ఫోటోలో కొంచెం ఇసుక చల్లినట్టు చుక్కలు ఉన్నాయి. ఉండనీ. ఆ ఫోటోలో మా అబ్బాయి అరచెయ్యి పాప నుదుటి మీద ఉంది, ఆచారి రెండు వేళ్ళు చెవి తమ్మెను పట్టుకొని ఉన్నాయి, దూరంగా స్తంభం పక్కన మా కూతురు చూడలేక మొహం తిప్పుకొని ఉంది. పాప ఇంకా ఏడవలేదు. మామ చొక్కా గుండీని పట్టుకొని ఆడుకుంటోంది. మేనమామ ఒడి అంటే ఏమని ఎవరైనా అడిగితే నేను ఈ ఫోటో చూపిస్తాను.

మూడోది మొయి బల్ల. మన ఊళ్ళలో మొయి అంటే తెలియనివాళ్ళు లేరు. వచ్చినవాళ్ళు పెట్టే డబ్బు నోటుబుక్కులో రాసుకుంటాము. రేపు వాళ్ళింట్లో కార్యం వస్తే ఆ పుస్తకం చూసి, దానికి తక్కువ కాకుండా తిరిగి పెడతాము. మా పెద్దనాయన కొడుకు రాస్తున్నాడు. అడిగేది తెలుగులో, "ఏ ఊరన్నా? ఎవరి కొడుకువి?" అని. రాసేది తమిళంలో. మా ముత్తాతల నుంచి ఇదే లెక్క. నోటిది తెలుగు, చేతిది తమిళం. నువ్వు ఆ ఫోటోలో రాసే చేతినీ, ముందుకు వంగి చెబుతున్న ముసలాయన నోటినీ కలిపి తీసినావు. ఒక్కటి గమనించినాను. పుస్తకం తెరిచి ఉన్నా అంకెలు ఒక్కటీ చదవడానికి రావు. మసకగా వదిలేసినావు. ఎవరు ఎంత పెట్టినారో నలుగురికీ తెలియకూడదని నీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈమధ్య మొయి పుస్తకం పేజీలనే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. తక్కువ పెట్టినవాడికి అది తలవంపు.

ఇంక నేను ఈ ఉత్తరం రాయడానికి కారణమైన ఫోటో. నాలుగోది.

సీరు తట్టలు ఇంటి నుంచి గుడికి పోతున్నాయి. మేళం ముందర. తొమ్మిది మంది ఆడవాళ్ళు తట్టలు పట్టుకొని వరసగా నడుస్తున్నారు. స్టూడియో వాళ్ళు వరసకు ముందర వెనక్కి నడుస్తూ తీసినారు. నువ్వు వరస వెనక ఆఖర్న నిలబడినావు. గార్డు చూసినట్టు రైలు మొత్తం వెనక నుంచి చూసినావు. అందుకే నీ ఫోటోలో వాళ్ళకు కనబడనిది కనబడింది. తొమ్మిది మంది వీపులు, పట్టుచీరలు, జడల్లో పూలు. ఎడమ పక్క వసారాలో గోడకు ఆనుకొని మా చిన్నమ్మ. చేతులకు ఇంకా పసుపు ఉంది. కొంగుతో తుడుచుకుంటూ తట్టలు పోయేది చూస్తోంది. మొహంలో దుఃఖం లేదు. వరస సరిగ్గా పోతున్నదా అని లెక్క చూసుకుంటున్న మొహం అది.

ఫంక్షను అయిన వారానికి మా కూతురు ఆ ఫోటో ఫోన్లో పెద్దది చేసి చూసింది. "నాయనా, తట్టలన్నీ అవ్వ సర్దింది కదా, అవ్వ చేతిలో తట్ట లేదెందుకు?" అని అడిగింది. దానికి జవాబు మనందరికీ తెలుసు. మొగుడు పోయిన ఆడది మంగళ ద్రవ్యం ముట్టి సర్దవచ్చు, మోయకూడదు. వెనక ఉండవచ్చు, ముందర రాకూడదు. ఇది మన కులంలో, మన పక్క కులాలలో, తెలుగువాళ్ళలో, తమిళవాళ్ళలో అందరి ఇళ్ళలో నడుస్తున్న కట్టు. ఎవరూ ఆమెను గోడ పక్కన నిలబడమని చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఆమే పోయి నిలబడుతోంది. ఎవరూ చెప్పకుండానే నడుస్తుంది కాబట్టే ఎవరి కంటికీ పడదు. ఫోటోలో పడింది.

నా అభిప్రాయం తిన్నగా చెబుతాను, కోపం వచ్చినా సరే. ఆ పసుపు కుంకుమ తట్ట సర్దిన చెయ్యి దాన్ని మోయడానికి కూడా పనికివస్తుంది. సర్దేటప్పుడు లేని దోషం మోసేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? పాపకు 84 ఏళ్ళు బ్రతికిన మనిషి దీవెన కంటే మంగళం ఏముంది? మన సంఘంలో వచ్చే ఏ ఫంక్షనులోనైనా మొదటి తట్ట అలాంటి ఒక పెద్దామె చేతికివ్వండి. "ఊరు ఏమంటుందో" అంటారు. ఊరు ఒకరోజు మాట్లాడుతుంది. రెండో ఇంట్లో కూడా జరిగితే సగం రోజు మాట్లాడుతుంది. మూడో ఇంటికి మొయి రాసుకుంటూ కూర్చుంటుంది. మా కూతురు చిన్నమ్మకు ఫోన్ చేసి, పాప మొదటి పుట్టినరోజుకు హారతి తట్ట నువ్వే పట్టాలవ్వా అని చెప్పింది. "పోయే ముసలిదాన్ని, నాకెందుకే" అని నవ్విందంట. పుట్టినరోజుకు వచ్చింది, పట్టింది. ఫోన్లో తీసిన ఒక ఫోటో ఉంది.

వైకాసిలో చిన్నమ్మ పోయింది. నిద్రలోనే.

ఇప్పుడు ఐదో ఫోటో సంగతి. సావు ఇంట్లో పూలమాల వేయడానికి పెద్ద ఫోటో కావాలి. అలాంటి సమయంలో మన ఇళ్ళలో ఏమి దొరుకుతుందో మీకు తెలుసు. ఆధార్ కార్డు ఫోటో, లేకపోతే ఎవరిదో పెళ్ళి గుంపులో నుంచి కత్తిరించిన తల. మాకు నీ ఫోటో ఉంది. పంక్తి అయినాక ఆమె వాకిట్లో కూర్చొని, తమలపాకుకు సున్నం రాస్తూ, ఎవరో అన్నమాటకు తల ఎత్తి నవ్వుతున్నది. వాకిటి నీడలో తీసినావు కాబట్టి మొహం మీద ఎండ చారలు లేవు, ముడతలన్నీ మెత్తగా పడినాయి.

చిన్నమ్మ మనవడు తన ఫోన్లో వాట్సాప్‌లో వచ్చిన ఆ ఫోటోను తీసుకొని, 12కు 18 అంగుళాలు వేయించడానికి టౌనుకు పోయినాడు. ప్రింటు వేసే ఆయన చూసి, మొహం మసకగా వస్తుంది, దీనికంటే పెద్ద ఫైలు లేదా అన్నాడు. కారణం ఇది. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే అది కుదించి పంపుతుంది. ఆ ఫోన్లో ఉన్న ఫోటో పొడవు 1600 చుక్కలు. 18 అంగుళాలకు పంచితే అంగుళానికి 90 చుక్కలు కూడా రావు. మంచి ప్రింటుకు 200 నుంచి 300 దాకా ఉండాలి. అదే ఫోటోను 4కు 6 అంగుళాలు వేస్తే అంగుళానికి 260 పైన వస్తాయి కాబట్టి బాగానే ఉంటుంది. చిన్న ప్రింటులో తెలియని లోపం పెద్ద ప్రింటులో బయటపడుతుంది.

నువ్వు ఫంక్షను అయిన నాలుగో రోజే పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైళ్ళన్నీ ఇచ్చి పోయి ఉన్నావు. అందులో అదే ఫోటో పొడవు 6000 చుక్కలు. అంగుళానికి 333. గంటలో ప్రింటు వచ్చింది. ఆమె మూతి పక్కన మచ్చ, చెవి కమ్మ తీసేసిన చోట సాగిన రంధ్రం కూడా తెలుస్తున్నాయి. వచ్చినవాళ్ళు ఫోటో ముందర నిలబడి "మాట్లాడేటట్టే ఉందే" అన్నారు. మీరు ఎవరి దగ్గరైనా ఫంక్షను ఫోటోలు తీసుకునేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైళ్ళు అడగండి. వాట్సాప్‌లోనే పంపాల్సి వస్తే, ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని చెప్పండి. అప్పుడు కుదించకుండా అట్లే వస్తుంది.

ఆరో ఫోటో ఏమిటంటే, అది నేను ఇక్కడ చెప్పను. చిన్నమ్మ, నేను మాత్రమే ఉన్న ఫోటో. మేము ఇద్దరం మా అమ్మ గురించి మాట్లాడుకుంటూ ఉన్నాము. నీకు తెలుసు. దానికి వేరే థ్యాంక్స్, ఎదురుగా చెబుతాను.

ఇప్పుడు నేను చేస్తున్న పని చెబుతాను. 163లో 40 ఏరి ప్రింటు వేయించినాను. జిగురు పేజీల మీద పలచటి ప్లాస్టిక్ కప్పే పాత రకం ఆల్బంలో పెట్టలేదు. ఆ జిగురు కొన్నేళ్ళకు పసుపు రంగుకు తిరిగి, ఫోటో ఊడి రాకుండా పట్టుకుంటుంది. మా పెళ్ళి ఫోటోలు కొన్ని అట్లే పోయినాయి. నల్ల అట్ట పేజీల ఆల్బం కొని, నాలుగు మూలలా కాగితం మూలలు అంటించి ఫోటోలు దూర్చినాను. ప్రింటు వెనక రాయలేదు. ఇప్పటి నున్నటి కాగితం మీద పెన్సిలు పట్టదు, బాల్ పెన్ను గట్టిగా నొక్కితే ముందరి పక్క గీత తేలుతుంది. అందుకని ప్రతి ఫోటో కింద తెల్ల కాగితం ముక్క అంటించి, దాని మీద పేరు, వరస, ఊరు రాస్తున్నాను. తెలుగులో ఒక వరస, తమిళంలో ఒక వరస. పాప రేపు బడిలో ఏది చదివినా ఒకటైనా చదవగలుగుతుంది. చిన్నమ్మ ఫోటో కింద పేరుతో పాటు "సీరు తట్టలు సర్దినది" అని రాసినాను. ఆచారి పేరు, మేళం వాళ్ళ పేర్లు, వంట చేసినవాళ్ళ పేర్లు కూడా అడిగి తెలుసుకొని రాసినాను. ఇప్పుడు అడిగితే తెలుస్తాయి. ఇరవై ఏళ్ళ తరువాత ఎవరిని అడుగుతాము?

ఇంకొక్క మాట. ఆ రోజు నువ్వు మూడో పంక్తి అయినాక, ఆకులు ఎత్తేస్తుండగా రెండు ఇడ్లీలు తిన్నావని మా ఇంటామె చెప్పింది. 163 ఫోటోల్లో నువ్వు ఒక్కదానిలో కూడా లేవు. స్టూడియో వాళ్ళ ఆల్బంలో వెతికితే ఒక మూల నీ వీపు దొరికింది. దాన్ని కూడా ప్రింటు వేయించి ఆల్బం ఆఖరి పేజీలో పెట్టినాను. కింద నీ పేరు, "గార్డు, జోలార్‌పేట" అని రాసినాను. స్నేహితుణ్ణి ఫోటోలు తీయమని పిలిచేవాళ్ళు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. అతను చుట్టంగా వచ్చినవాడు, కూలికి వచ్చినవాడు కాదు. మొదటి పంక్తిలో కెమెరా పక్కన పెట్టించి ఆకు వేయండి. ఆ ఇరవై నిమిషాల్లో పోయే ఫోటో ఏదీ ఉండదు, అందరూ తింటూ ఉంటారు.

నువ్వు డబ్బు తీసుకోవని తెలుసు. ఆవణిలో మా తమ్ముడి ఇంట్లో సీమంతం ఉంది. తట్టలు ఫోటో చూసి మా కోడలు సర్దుతుంది. మొదటి తట్ట మా పెద్దక్క చేతిలో ఉంటుంది, ఆమె భర్త పోయి ఆరేళ్ళు. ఇంట్లో మాట్లాడి ఒప్పించినాము, ఇద్దరు ఇంకా ముఖం ముడుచుకొనే ఉన్నారు. నువ్వు మీ ఇంటామెతో కలిసి ముందటి రోజే రా. కెమెరా తెచ్చుకుంటే తెచ్చుకో, లేకపోతే లేదు. ఆకు మాత్రం మొదటి పంక్తిలోనే.

ఇట్లు,
మీ పాత బుకింగ్ క్లర్కు